వీక్షణలన్నీ ఒకే కొలత కావు

సంపాదకుడు గారికి,

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడంపై ఒక ప్రభుత్వ విభాగం తీసిన వీడియోకు అన్ని వేదికల్లో కలిపి లక్షల వీక్షణలు వచ్చాయని మీ నగరం పేజీలో వార్త వచ్చి వారం దాటింది. అయినా మనసు ఊరుకోక ఈ లేఖ రాస్తున్నాను. గజాలను, సెంట్లను కలిపి కూడి స్థలం విస్తీర్ణం చెబితే హైదరాబాద్‌లో ఎవరైనా ఒప్పుకుంటారా? వీక్షణల విషయంలో మాత్రం అధికారులు అదే చేస్తున్నారు, పత్రికలు అచ్చు వేస్తున్నాయి.

ఫేస్‌బుక్‌లో చాలా ఏళ్లపాటు వీడియో 3 సెకన్లు ఆడితే ఒక వీక్షణగా లెక్కించారు. వేలితో తెర జరుపుతుండగా దానంతటదే మొదలైన వీడియోకూ ఇదే లెక్క. ఇన్‌స్టాగ్రామ్ రీల్ అయితే ఆడటం మొదలైతే చాలు, మళ్లీ ఆడితే మరొకటి. యూట్యూబ్ షార్ట్స్ కూడా 2025 మార్చి 31 నుంచి ఇదే పద్ధతికి మారాయి. చూసేవారు ఒక్కరు పెరగకపోయినా ఆ తేదీ తర్వాత అంకె పెరగవచ్చు కనుక, అంతకు ముందటి షార్ట్స్‌తో పోల్చి ప్రగతి అని చెప్పుకోవడం తప్పు.

మా కాలనీ సంఘం నాలాలో చెత్త వేయవద్దంటూ 2 నిమిషాల వీడియో పెట్టింది. మొదటి 7 రోజుల్లో ఫేస్‌బుక్ 3 సెకన్ల వీక్షణలు 12,000 అని, యూట్యూబ్ వీక్షణలు 1,500 అని చూపాయి. యూట్యూబ్ దండగ అని సంఘంలో తీర్మానం కూడా అయిపోయింది. అప్పుడు నేను రెండుచోట్లా మొత్తం చూసిన సమయం తీసి చూపించాను. ఫేస్‌బుక్‌లో 1,200 నిమిషాలు, యూట్యూబ్‌లో 1,800 నిమిషాలు. వాటిని వీడియో నిడివితో భాగిస్తే 600, 900 పూర్తి వీక్షణలకు సమానం. ఎనిమిది రెట్లు వెనకబడిందనుకున్నదే నిజానికి ముందుంది. నెట్‌ఫ్లిక్స్ కూడా 2023 నుంచి చూసిన గంటలను నిడివితో భాగించే తన జాబితాలు ప్రకటిస్తోంది.

ఈ పద్ధతికీ హద్దు ఉంది. 20 సెకన్ల వీడియోను చివరిదాకా చూడటం తేలిక కనుక, పొట్టి వీడియోను పొడుగు వీడియోతో ఇలా పోల్చకూడదు. ఒకే వీడియోను, ఒకే కాలవ్యవధిలో పోల్చాలి. సగటు సమయాన్ని ఎలా కట్టారో కూడా అడగాలి. 2016లో ఫేస్‌బుక్ స్వయంగా ఒప్పుకున్న పొరపాటు అదే: 3 సెకన్లలోపు వెళ్లిపోయినవారిని భాగహారంలో వదిలేయడంతో సగటు పెరిగి కనిపించింది.

ప్రజల పన్నుతో డబ్బు కట్టి పెంచుకున్న వీక్షణలెన్నో, వాటంతట అవే వచ్చినవెన్నో కూడా ఏ ప్రకటనలోనూ వేరుగా కనిపించదు. నాలా పూడిక తీసిన లెక్కలైనా, వీడియో చూసిన లెక్కలైనా, పెద్ద అంకె చూపితే అడిగేవారుండరన్న ధీమా మన కార్యాలయాల్లో పెరిగిపోయింది. ఇకపై అలాంటి ప్రకటన వచ్చినప్పుడు వేదికలవారీగా చూసిన నిమిషాలు, చెల్లించిన మొత్తం అడిగి, అవి ఇస్తేనే ఆ అంకెను అచ్చు వేయవలసిందిగా మీ విలేకరులకు చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్