ఉగాది ఫలితాలకు మార్కులు ఎవరు వేస్తారు?

సంపాదకులకు నమస్కారం.

ఉగాది మర్నాడు మీ పత్రికలో వచ్చిన పంచాంగ శ్రవణం పేజీ గురించి ఇది. అప్పుడే రాద్దామనుకున్నాను, కోపం తగ్గాక రాయమంది మా ఆవిడ. వారమైనా తగ్గలేదు.

ఏ పార్టీ ఆఫీసులో చదివిన పంచాంగంలో ఆ పార్టీకే రాజయోగం! ఆకాశంలో గురుడు ఒక్కడే, పార్టీ ఆఫీసుకో గురుడు లేడు కదా. దాని పక్కనే ఒక పండితుడి వ్యాసం: జ్యోతిషాన్ని ఇంతవరకు ఎవరూ సరిగ్గా పరీక్షించలేదు, ఊరికే విమర్శిస్తారని. అచ్చు వేసేముందు మీలో ఒక్కరైనా అది నిజమేనా అని చూడొద్దా?

2008లో పూణెలో పరీక్షించారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్, గణాంక నిపుణుడు సుధాకర్ కుంటే, మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దాభోల్కర్, ఒకప్పుడు స్వయంగా జ్యోతిషం చెప్పిన ప్రకాశ్ ఘట్పాండే కలిసి చేశారు. చదువులో చురుకైన పిల్లలు 100 మంది, మానసిక వైకల్యం ఉన్న పిల్లలు 100 మంది జనన వివరాలు సేకరించి, ఘట్పాండే చేతే జాతకచక్రాలు వేయించారు. వాటిని కలగలిపి, ఏది ఎవరిదో తెలిపే జాబితాను దాచేశారు. ఒక్కో జ్యోతిష్కుడికి 40 చక్రాలు పంపి, ఏ బిడ్డ ఏ కోవకు చెందుతుందో చెప్పమన్నారు.

51 మందికి పంపితే తిరిగి జవాబిచ్చినవారు 27 మంది. అందరివీ కలిపితే సరైనవి నూటికి 46. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తాయి. అందరిలోకి ఎక్కువ తెచ్చుకున్నాయన మార్కులు 40కి 24. ‘చూశారా, ఆయన గట్టివాడు’ అనకండి. 27 మంది చేత నలభయ్యేసిసార్లు నాణెం ఎగరేయిస్తే, వాళ్లలో అదృష్టవంతుడికి మామూలుగా 26 దాకా వస్తాయి. ఒక జ్యోతిష సంస్థ మొత్తం 200 చక్రాలూ చూసింది. దానికి 102 కుదిరాయి.

దీంతో జ్యోతిషం మొత్తం తేలిపోయిందని నేననను. ఆ ఒక్క ప్రశ్నే అడిగారు. పెళ్లెప్పుడు, ఉద్యోగమెప్పుడు అన్నవి అందులో లేవు. కానీ పిల్లల బుద్ధిబలం జాతకంలో కనబడుతుందని డబ్బు తీసుకుని చెప్పేవారే కదా ఆ పరీక్షకు కూర్చున్నది. జనన సమయం తప్పేమో అన్న మాట ఫలితం రాకముందు అనాలి, వచ్చాక కాదు.

అంత పెద్ద పరీక్ష మనం చేయలేం గానీ, మీ రాశిఫలాలతో మా ఇంట్లో చేశాం. ముందు రోజు పత్రికలోంచి 12 ఫలాలు కత్తిరించి, రాశుల పేర్లు తీసేసి, మా అబ్బాయి గదిలో కూర్చుని తెల్లకాగితాల మీద కలగాపులగంగా రాసి అంకెలు వేశాడు. ఏ అంకె ఏ రాశో వాడికే తెలుసు, అందుకని కాగితాలు చూపించే పని వాడికి ఇవ్వలేదు. వాడి మొహం చూసి కనిపెట్టేయొచ్చు. పత్రిక చదివేసిన మా బావగారిని కూర్చోబెట్టలేదు. ఒకరోజు ఒక ఫలంలో ‘ఏలినాటి శని’ అని ఉంది, తన రాశికి నడుస్తోందని మా ఆవిడకు తెలుసు కాబట్టి ఆ రోజు లెక్క కొట్టేశాం. నలుగురు, ఆరు రోజులు, మొత్తం 24 ఎంపికలు. నిన్నటి రోజుకు బాగా అతికిన కాగితం ఏదో ఎంచడమే పని. ఊరికే గుడ్డిగా తీసినా రెండు కుదరాలి. ఆరు దాటితే ఆలోచించాల్సిందేనని మొదలుపెట్టేముందే గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టాం, తర్వాత మాట మార్చకుండా. మూడు కుదిరాయి.

ఏ కాగితం చదివినా ‘ఇది నాదే’ అనిపించడం మాత్రం నిజం. ‘శ్రమకు తగిన ఫలితం, అనుకోని ఖర్చు’ అంటే ఎవరికి తగలదు? పేరు చూసి చదివితే అతుకుతుంది, పేరు తీసేస్తే 12 కాగితాలూ అతుకుతాయి.

ఇక మన అధికారగణం చేసిందేమిటి? 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష కోర్సులు పెడతానంటే, హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ స్థాపించిన పి.ఎం. భార్గవ కోర్టుకెక్కారు. హైకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది, 2004లో సుప్రీంకోర్టూ కొట్టేసింది. మరి కోర్సు పెట్టినవారు ముందు పరీక్ష పెట్టారా? ప్రయోగశాలల్లో పరికరాల్లేని కాలేజీలు ఎన్నో ఉన్న దేశంలో!

మీరు రాశిఫలాలు ఆపేయరని తెలుసు, ఆపితే చందాలు తగ్గుతాయి. ఒక్కటి చేయండి. వచ్చే ఉగాదికి అదే పేజీలో, ఈ ఏడు అచ్చేసిన వానలు, ధరలు, పదవుల జోస్యాలు ఒక్కొక్కటీ మళ్లీ వేసి, పక్కన ఒప్పో తప్పో పెట్టండి. ‘అక్కడక్కడా వర్షాలు’ లాంటివాటికి సున్నా. మీ దగ్గర పాత ప్రతి దొరక్కపోతే, నేను కత్తిరించి బీరువాలో పెట్టాను, పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాత చందాదారు