సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి చిన్నీ?

చిన్నీ,

పోయిన ఆదివారం నుంచి నీ ఫోన్ మోగుతోంది కానీ ఎత్తడం లేదు. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు మాత్రం లేదు. పని ఒత్తిడేమో అనుకుని ఉత్తరం రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు కాస్త నయం. బుజ్జిగాడికి రెండో మిడ్ అయిపోయింది, బాగానే రాశానంటున్నాడు. పైన ట్యాంకు లీకు కూడా బాగు చేయించాం.

నిన్న సాయంత్రం పద్మత్తయ్య వచ్చింది. మాటల్లో నీ విషయం ఎత్తింది. నువ్వు స్పెయిన్ ఆలోచన మానేసి దుబాయ్ ఉద్యోగానికి ఒప్పుకున్నావట, ఒరిజినల్స్ అన్నీ ఎవరో ఏజెంటు చేతిలో పెట్టావట, అతను అపోస్టిల్ చేయించి ఇస్తానన్నాడట. దుబాయ్ అయినా స్పెయిన్ అయినా నీ ఇష్టం, దాని గురించి నేనేమీ అనను. కానీ ఆ ఏజెంటు సంగతి నిజమైతే ముందు పని ఆపించు, తర్వాత మిగతాది చదువు.

ఎందుకంటే అపోస్టిల్ అనేది కాగితం మీది సంతకం నిజమైనదేనని చెప్పే స్టిక్కరు, 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్యే చెల్లుతుంది. మన దేశం అందులో 2005లో చేరింది. స్పెయిన్ కూడా ఉంది కాబట్టి అక్కడికైతే మన విదేశాంగ శాఖ అతికించే ఆ స్టిక్కరుతో సరిపోతుంది, ఎంబసీ గుమ్మం ఎక్కక్కర్లేదు. యూఏఈ ఆ ఒప్పందంలో లేదు. దుబాయ్‌కి విదేశాంగ శాఖ మామూలు అటెస్టేషన్ ముద్ర వేయాలి, ఆ తర్వాత వాళ్ళ ఎంబసీ వేయాలి, నువ్వు అక్కడికి వెళ్ళాక వాళ్ళ విదేశాంగ శాఖ మళ్ళీ ఒకటి వేయాలి. దేశం మారితే దారి మారుతుంది. స్పెయిన్ కోసం మొదలుపెట్టిన కాగితాన్ని అదే ఊపులో దుబాయ్‌కి వాడేద్దాం అనుకుంటే నీకు కావలసింది లేకుండా అక్కర్లేని స్టిక్కరు మిగులుతుంది.

అన్నట్టు, నీ కళ్ళజోడు పవర్ చూపించుకున్నావా? రాత్రుళ్ళు ఫోన్లోనే చదువుతావు నువ్వు.

సరే, అసలు ఆలస్యం ఎక్కడ అవుతుందో చెబుతాను. అందరూ ఢిల్లీలో అవుతుందనుకుంటారు. కాదు. ఈ ముద్రల్లో ఏ ఒక్కటీ నువ్వు బాగా చదివావని చెప్పదు. ప్రతి ఆఫీసూ తనకు ముందున్న సంతకం నిజమైనదేనా అని మాత్రమే చూస్తుంది. విదేశాంగ శాఖ మన రాష్ట్ర అధికారి సంతకాన్ని తన దగ్గరున్న నమూనాతో పోల్చి చూస్తుంది, అంతే. ఆ అధికారి బదిలీ అయి కొత్తాయన నమూనా ఇంకా చేరకపోతే కాగితం అక్కడ ఆగుతుంది కానీ అది అరుదు. రాష్ట్రం వాళ్ళు సంతకం పెట్టాలంటే యూనివర్సిటీ ఔనని చెప్పాలి. ఆలస్యమంతా ఆ ఔను దగ్గరే.

ఎగ్జామ్ బ్రాంచ్‌లో నేను ఉన్నప్పుడు ఈ వెరిఫికేషన్ ఉత్తరాలు నా టేబుల్ మీదికే వచ్చేవి. సెక్షన్ క్లర్కు టాబ్యులేషన్ రిజిస్టరు తీసి హాల్‌టికెట్ నంబరు, పేరు, పాసైన సంవత్సరం, వచ్చిన క్లాసు జిరాక్సుతో సరిచూస్తాడు. తర్వాత సూపరింటెండెంటు, ఆపైన కంట్రోలర్ సంతకం, సీలు వేసిన కవరు, పోస్టు. అన్నీ ఉంటే పెద్ద పనేం కాదు. కానీ జిరాక్సులో నంబరు సగం మసక, లేదా ఫీజు చలానా జతచేయలేదు, లేదా నాలుగో ఏట ఒక సబ్జెక్టు మిగిలి సప్లిమెంటరీలో పాసైతే ఆ మెమో పెట్టకుండా రెగ్యులర్ మెమోలు పెట్టి పంపారు. అలాంటివి పక్కన పెట్టేస్తారు. కాన్వొకేషన్ ముందూ, రిజల్ట్స్ సమయంలోనూ అయితే ఆ దొంతర ఎవరూ ముట్టుకోరు. పంపినవాళ్ళకేమో 'ప్రాసెస్‌లో ఉంది' అనే ఒక్క మాటే వినిపిస్తుంది. అందుకే 'ప్రాసెస్‌లో ఉంది' అంటే నమ్మి కూర్చోకు. యూనివర్సిటీకి ఉత్తరం ఏ తేదీన వెళ్ళింది, దాని నంబరెంత అని అడుగు. ఆ నంబరు చెప్పలేకపోతే ఇంకా పంపలేదనే అర్థం.

మన రాజు గుర్తున్నాడుగా, పెద్దమామయ్య కొడుకు. వాడు కాకినాడ దగ్గర కాలేజీలో చదివి 2007లో పాసయ్యాడు. అప్పటికి జేఎన్‌టీయూ ఒక్కటే, హైదరాబాదుది. 2008లో కదా కాకినాడ, అనంతపురం వేరయ్యాయి. ఖతార్ ఉద్యోగం రాగానే వాడు కాగితాలు ఏజెంటుకిచ్చాడు, ఆ ఏజెంటు కాలేజీ చిరునామా చూసి ఆంధ్రప్రదేశ్ వైపు ఫైలు నడిపాడు. డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ హైదరాబాదులో ఉంది, 2014 తర్వాత అది తెలంగాణ. కాలేజీ ఏ రాష్ట్రంలో ఉందన్నది కాదు, సర్టిఫికెట్ ఎక్కడ జారీ అయిందన్నది చూస్తారు. అది తిరిగొచ్చేసరికి నెల గడిచింది. వచ్చాక అసలు కథ. అత్తయ్య భద్రంగా ఉంటుందని ఆ డిగ్రీకి ఎప్పుడో లామినేషన్ చేయించింది. ప్లాస్టిక్ మీద ముద్ర నిలవదు, ఊడదీసుకు రమ్మన్నారు. వీధి చివర జిరాక్సు షాపువాడు ఇస్త్రీపెట్టెతో వేడిచేసి లాగితే ప్లాస్టిక్‌తో పాటు రిజిస్ట్రార్ సంతకం కింది ముద్ర కూడా పొరలా వచ్చేసింది. అట్టమీద ఊదారంగు మరక మిగిలింది. ఆ పాడైన దాన్ని యూనివర్సిటీకి అప్పజెప్పి, అఫిడవిట్ పెట్టి, డూప్లికేట్ తెచ్చుకుని, మళ్ళీ మొదటి నుంచి వెరిఫికేషన్. ఆలోపు కంపెనీ వాళ్ళు రెండుసార్లు చేరే తేదీ జరిపి, మూడోసారి ఇంకొకరిని తీసుకున్నారు. మామయ్య ఆ ఏడాదంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

నీది లామినేట్ చేయించలేదు కదా? నీ పెళ్ళికి కొన్న సూట్‌కేసులో నీలం ఫైల్లో పెట్టానని అమ్మ అంటోంది, తీసుకెళ్ళావా?

ఇంకొకటి. నీ దగ్గర ఉన్నది పీసీనా, అంటే ప్రొవిజినల్ సర్టిఫికెట్టా, లేక ఓడీనా, అంటే ఒరిజినల్ డిగ్రీయా? ప్రొవిజినల్ తాత్కాలికం. కొన్నిచోట్ల మాటవరసకు తీసుకున్నా, యూఏఈ పనికి అసలు డిగ్రీయే అడుగుతారు. నువ్వు కాన్వొకేషన్‌కి వెళ్ళలేదు, తర్వాత ఓడీకి అప్లై చేస్తానన్నావు. చేశావో లేదో ఇప్పటికీ నాకు చెప్పలేదు. చేయకపోతే ఈ అటెస్టేషన్ గొడవంతా ఇంకా మొదలే కాలేదన్నమాట.

పేరు కూడా చూసుకో. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది, అదే నీ డిగ్రీలో పడింది. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పైగా పెళ్ళయ్యాక మార్పించుకున్నావు. విదేశాంగ శాఖ దీన్ని పట్టించుకోకపోవచ్చు, ఎందుకంటే వాళ్ళు చూసేది సంతకాన్ని. పట్టుకునేది ఎంబసీ దగ్గరో, ఉద్యోగమిచ్చేవాళ్ళ దగ్గరో. డిగ్రీలో పేరు మార్చమంటే యూనివర్సిటీ టెన్త్ మెమో చూపమంటుంది, అక్కడ మార్పించడం మహా కష్టం. కాబట్టి ముందే ఆ కంపెనీ హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడుగు, ఇద్దరూ ఒకరే అన్న అఫిడవిట్, పెళ్ళి సర్టిఫికెట్ సరిపోతాయా అని. ఫోన్లో చెప్పింది పనికిరాదు.

మళ్ళీ లెక్చర్ ఇస్తున్నానని నీకనిపిస్తుంది. కానీ ఇవన్నీ నా కళ్ళతో చూసినవి తల్లీ, అందుకే ఆపలేకపోతున్నాను.

ఏజెంటు దగ్గర ఒరిజినల్స్ ఉంటే ఏమేం ఇచ్చావో రసీదు మీద రాయించుకో, అన్నేళ్ళ మార్కులూ కలిపి ఉండే సీఎంఎం, ఓడీ విడివిడిగా, నంబర్లతో. నువ్వింకా అతనికి ఇచ్చి ఉండకపోతే అసలు ఇవ్వకు. విదేశాంగ శాఖ నేరుగా తీసుకోదు, తాను నియమించిన సంస్థల ద్వారానే తీసుకుంటుంది, వాటి జాబితా వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉంది, అందులో ఇతను ఉన్నాడో లేదో చూడు. ఓడీ నీ దగ్గరే ఉంటే ముందూ వెనకా రెండు వైపులా ఫోటో తీసి ఈ రోజే నాకు పంపు. వెనకవైపు ఇప్పటికే ఏ ముద్ర పడిందో చూస్తే ఎక్కడిదాకా వచ్చిందో నేను చెప్పేస్తాను. వేళకు తిను, ఫోన్ ఎత్తు.

నాన్న