ఆ క్లాసులో గుడ్డ మాట కూడా చెప్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. చిత్తూరు జిల్లా పల్లెల్లో ఇరవై ఏళ్లకు పైగా ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరయ్యాను. మొన్న తిరుపతి దగ్గర ఒక హైస్కూల్లో ఆడపిల్లలకు నెలసరి శుభ్రత గురించి చెబుతున్నారంటే వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. గర్భాశయం బొమ్మ చూపించారు, ప్యాడ్ ప్యాకెట్లు పంచారు, ఫొటో తీసుకున్నారు. పక్కనున్న ఎనిమిదో తరగతి పిల్ల నా చెవిలో అడిగింది: "అవ్వా, మేం ఇంట్లో గుడ్డే వాడతాం. తప్పా?"

తప్పు కాదు. లెక్క చూడండి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలంటే రోజుకు నాలుగు ప్యాడ్లైనా కావాలి. ఐదు రోజులకు ఇరవై. సర్కారు బడి ఆడపిల్లలకు ఉచితంగా ప్యాడ్లు ఇవ్వడానికి 2021లో మొదలైన స్వేచ్ఛ పథకంలో అనుకున్నది నెలకు పది. మిగతా పది కొనలేని ఇంట్లో గుడ్డే దిక్కు. ఆ గుడ్డ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

మెత్తటి నూలు గుడ్డ కావాలి. వాడాక ముందు చన్నీళ్లలోనే నానబెట్టాలి, వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. సబ్బుతో ఉతికి, నురగ పోయేదాకా జాడించాలి. ఇంతవరకూ పిల్లలు బాగానే చేస్తారు. తేడా వచ్చేది ఆరేసే దగ్గర. నాన్న చూస్తాడనో, అన్న చూస్తాడనో బాత్రూం వెనక తాడు మీద పావడా కింద దాచి ఆరేస్తారు. పైకి ఆరినట్టే ఉంటుంది, మడత విప్పితే చెమ్మ, ముక్క వాసన. అదే వాడితే దురద, ఒరుపు. గుడ్డకు నేరుగా ఎండ తగలాలి. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు ఇస్త్రీ పెట్టి, పూర్తిగా ఆరాకే వాడాలి. ఈ మాట అమ్మలకూ చెప్పాలి, తాడు కట్టేది వాళ్లే కదా!

రెండోది, బడిలో మార్చుకోవడం. ఉదయం ఏడున్నరకు బస్సెక్కే పిల్ల ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదు. చాలామంది అదే ప్యాడ్‌తో ఉండిపోతారు, "పెద్దగా తడవలేదు మేడమ్" అంటారు. తడవకపోయినా మధ్యాహ్నం మార్చాల్సిందే. ముందూ వెనకా చేతులు కడుక్కోవాలి. వాడినది కాగితంలో చుట్టి డబ్బాలో వేయాలి, లెట్రిన్‌లో కాదు. చెప్పేవాళ్లు ముందే ఆ బడి బాత్రూంకు వెళ్లి గడియ పడుతుందా, నీళ్లు వస్తున్నాయా, మూత డబ్బా ఉందా చూసుకుంటే మంచిది. ఆ బడిలో డబ్బా లేదు.

మొదటి రెండేళ్లు నెలసరి ముందూ వెనకా అవుతుంది, దానికి టెన్షన్ వద్దని చెప్పండి. గంటకో, రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతున్నా, ఏడు రోజులు దాటినా డాక్టరుకు చూపించాలి.

ఒక క్లాసులో గర్భాశయం బొమ్మకు పది నిమిషాలు చాలు. ముందు రోజే పిల్లల చేత పేర్లు లేకుండా చీటీలు రాయించి, మిగతా సమయం వాటికి ఇవ్వండి. నా చెవిలో అడిగిన ప్రశ్న అప్పుడు అందరి ముందుకూ వస్తుంది.

– ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం, చంద్రగిరి