లండన్ పెళ్లికొడుకు, ఢిల్లీ కస్టమ్స్ ఫోను

అందరికీ నమస్కారం. మ్యాట్రిమోనీ సైట్లలో పరిచయమయ్యే ‘లండన్ డాక్టర్’ మోసం ఎలా నడుస్తుందో మన ఆడపిల్లలకు, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి.

కొన్ని వారాలు తియ్యగా చాటింగ్ చేసి, నగలు, ఫోను పార్సిల్ పంపానంటూ ట్రాకింగ్ లింకు ఇస్తాడు. రెండు రోజులకు ‘ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్’ నుంచి ఒకావిడ ఫోను: డ్యూటీ 35,000 కట్టాలి. కట్టగానే, స్కానింగులో పౌండ్లు కనబడ్డాయి, మనీ లాండరింగ్ సర్టిఫికెట్‌కు లక్షన్నర, లేదంటే కేసు అంటుంది. అసలు పట్టు ఇక్కడే. మొదటిది ఆశతో కడతారు, రెండోది భయంతో. కొన్నిసార్లు పార్సిల్ బదులు అతనే ఎయిర్‌పోర్టులో ‘పట్టుబడతాడు’, లేదా ఆస్పత్రి పాలవుతాడు.

డబ్బు వేయమన్న ఖాతా ఎవరి పేరున ఉందో చూడండి. ఎవరో వ్యక్తి పేరుంటే అది కస్టమ్స్ కానే కాదు. డ్యూటీ ఎవరి సొంత ఖాతాలోకీ వెళ్లదు. కస్టమ్స్ నోటీసు మీద డిన్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది, దాన్ని cbic.gov.in లో సరిచూడొచ్చు. వీడియో కాల్‌లో ముఖం కనబడిందని నమ్మకండి, రికార్డు చేసిన వీడియోలూ ఆడిస్తారు.

ఇప్పటికే పంపేసి ఉంటే అతణ్ని నిలదీస్తూ కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు, టైము, ఎంత పంపారో చెప్పండి. డబ్బు ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే ఆపే వీలుంటుంది, చేతులు మారిందంటే కష్టం. తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు. చాట్ మాత్రం డిలీట్ చేయొద్దు.