ఆ పద్దెనిమిది లక్షల సంగతి

ఒరేయ్ రవీ,

ఆఫర్ లెటర్ చూశాను. చాలా సంతోషంరా! కానీ ఓకే అని జవాబిచ్చే ముందు చివరి పేజీలో ఉన్న జీతం పట్టిక ఒకసారి చూడు. సీటీసీ 18 లక్షలంటున్నారు. అందులో వేరియబుల్ 1.8 లక్షలు, అది కంపెనీ దయ, మన ప్రాప్తం. బేసిక్ 7.2 లక్షలు కాబట్టి దానిమీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 86,400. గ్రాట్యుటీ కింద 4.81 శాతం, ఇంకో 34,600 చిల్లర. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఇంచుమించు 15 లక్షలు, నెలకి లక్షా పాతిక వేలు. నీ వాటా పీఎఫ్, పన్ను అందులోంచే పోవాలి. ఇదే లెక్కన ఇప్పుడు నీకు లక్షా ఇరవై వస్తోంది కదా. ఐదు వేల కోసం కంపెనీ మారతావా?

అందుకే మెయిల్‌లో ఊరికే "సీటీసీ పెంచండి" అని రాయకు. వేరియబుల్ పెంచేసి 20 లక్షలు చేశామంటారు. ఉత్త "ఫిక్స్‌డ్" అన్నా చాలదు, కొందరు పీఎఫ్ కూడా అందులోనే కలిపేస్తారు. ఏవి కాకుండా అడుగుతున్నావో విడమరిచి చెప్పు. నువ్వెలాగూ ఇంగ్లీషులోనే రాస్తావు, సారం మాత్రం ఇలా ఉండాలి:

"ఆఫర్‌కి ధన్యవాదాలు. మీ టీమ్‌తో మాట్లాడాక చేరాలన్న ఆసక్తి ఇంకా పెరిగింది. ఒక్క విషయం మీ దృష్టికి తేవాలనుకుంటున్నాను. పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ కాకుండా ఆఫర్‌లో వచ్చేది 15 లక్షలు, ప్రస్తుతం నాకు వస్తున్నది 14.4. పేమెంట్స్ మైగ్రేషన్ బాధ్యతతో పాటు నెలకో వారం ఆన్‌కాల్ ఉంటుందని ఇంటర్వ్యూలో చెప్పారు. రెండేళ్లుగా నేను చేస్తున్నది ఆ పనే. ఈ మొత్తాన్ని 17 లక్షలకు పెంచే వీలుందేమో పరిశీలించగలరా? కుదిరితే వెంటనే సంతకం చేసి పంపుతాను."

ఆ చివరి వాక్యం తీసేయకు. హెచ్‌ఆర్ అమ్మాయి పైవాళ్ల దగ్గర అప్రూవల్ అడగాలంటే, ఇస్తే చేరతాడని చెప్పగలగాలి. ఇంటి ఈఎంఐ, పాప స్కూలు ఫీజు మాత్రం ఎత్తకు, వాటితో వాళ్లకేం పని? చేతిలో ఇంకో ఆఫర్ ఉందని కోయకు, కాపీ పంపమంటారు. ఇప్పటి జీతం పెంచి చెప్పినా మూడు నెలల పేస్లిప్పులు అడిగినప్పుడు దొరికిపోతావు.

పదహారు దగ్గర ఆగి, మిగతాది జాయినింగ్ బోనస్‌గా ఇస్తామనొచ్చు. పర్వాలేదు, కానీ అది ఒక్కసారి డబ్బు, పైగా ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టమనే షరతు ఉంటుంది, చదువుకో. ఫోన్లో ఒప్పుకుంటే అదే రోజు "మీరు చెప్పినట్టు" అంటూ ఒక మెయిల్ పెట్టు. సవరించిన లెటర్ చేతికొచ్చేదాకా ఇక్కడ రాజీనామా ఇవ్వొద్దు, 90 రోజుల నోటీసు టెన్షన్ ఉన్నా సరే.

డ్రాఫ్ట్ రాసి రాత్రికి పంపు, చూస్తా. లెటర్లో శుక్రవారం గడువుంది, మరిచిపోకు.

నీ
శీను