కాజీపేట స్టేషన్‌లో మా తమ్ముడి పక్కన కూర్చున్న అన్నకు

హాస్టల్ నుంచి చెప్పకుండా వెళ్లిపోయిన మా తమ్ముడు దొరికాడు, క్షేమంగా ఉన్నాడు. అందరికీ విడివిడిగా ఫోన్ చేసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

అన్నా, మీ పేరైనా అడగలేదు. బల్హార్షా వైపు వెళ్లే మీ రైలు వదులుకుని, ముక్కూ మొహం తెలియని పిల్లాడి కోసం ఆగిపోయారు. తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

మా తమ్ముడికి ఆటిజం. హన్మకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. అన్నం తినేటప్పుడు ఒక ఫ్రెండ్ నవ్వుతూ "నువ్వు లేకుంటేనే రూమ్ ప్రశాంతంగా ఉంటదిరా" అన్నాడట. వేరేవాళ్లయితే ఆ నవ్వు, ఆ గొంతు చూసి జోక్ అనుకుంటారు. మా వాడు మాటను మాటగానే తీసుకుంటాడు. బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు.

మీరు వాడిని ప్రశ్నల మీద ప్రశ్నలు వేయలేదు. "ఇంటికి ఫోన్ చేద్దామా, వద్దా?" అని ఒక్కటే అడిగి, వాడు జవాబు చెప్పేదాకా ఆగారు. తర్వాత ఫ్రెండ్స్ బైకుల మీద వచ్చారు. వాతావరణం తేలికపరుద్దామని ఒకడు "ఏంరా, సన్యాసంల కలుస్తున్నవా?" అన్నాడు. మీరు చెయ్యి అడ్డం పెట్టి, "ఇప్పుడు జోకులొద్దు తమ్మీ. నీ మనసుల ఏమున్నదో అది చెప్పు" అన్నారు. అప్పుడు ఆ అబ్బాయి "ప్రశాంతం అన్నది జోక్. నువ్వు రూమ్‌కి రావాలె" అన్నాడు. మా వాడు వెంటనే లేచాడు.

వాళ్లకు మీరు చెప్పినవి ఇప్పుడు పాటిస్తున్నారు. వాడు "నిజమా, జోకా?" అని అడిగితే ప్రతిసారీ నవ్వకుండా సూటిగా చెప్తున్నారు. "గింత కూడా అర్థం కాదా" అనడం మానేశారు. అయితే జోక్ అని తెలిసినా నొచ్చుకునేవి కొన్ని ఉంటాయి. చప్పుడుకు చెవులు మూసుకోవడం, రోజూ ఒకే కూర తినడం మీద వాడిని బడిలో బాగా ఏడిపించారు. వాటి జోలికి అసలు పోవట్లేదు. వాడు నవ్వాడు కదా అని సరిపెట్టుకోకుండా, తర్వాత విడిగా అడుగుతున్నారు. పదాలతో ఆడుకునే జోకులంటే వాడికి ప్రాణం, వాడే వేస్తాడు కూడా. ఇప్పుడు రూమ్‌లో అవే నడుస్తున్నాయట.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. అడ్మిషన్ అప్పుడే కాలేజీలో సర్టిఫికెట్ ఇచ్చాం. జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టారు, వార్డెన్‌కు ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే "పిల్లలన్నాక ఆటపట్టించుకుంటరు, అలవాటు చేసుకోవాలె" అన్నారు. ఆ ఒక్క ముక్క ముందే చెప్పుంటే ఫ్రెండ్స్‌కు ఇదంతా స్టేషన్‌లో నేర్చుకునే పని ఉండేదా?

అమ్మ, బాపు, బావ వాడి కోసం ఊరంతా తిరిగారు, వాళ్లకు నేను విడిగా థ్యాంక్స్ చెప్పక్కర్లేదు.

అయ్యో, వాడి ఫోటో గ్రూపుల్లో పెట్టిన హాస్టల్ వంటమ్మ కొడుక్కి, డబ్బులు తీసుకోని ఆటో అన్నకు కూడా థ్యాంక్స్. స్టేషన్ బయట టీ కొట్టు పెద్దాయనకు కూడా. అన్నా, మీకు ఇది చేరితే ఒక్కసారి ఫోన్ చేయండి, తమ్ముడు మీతో మాట్లాడతానంటున్నాడు.