కమ్యుటేషన్ కోత ఒకటి, దాని వెనకాలే వచ్చిన కోత మరొకటి

పింఛను చెల్లింపు అధికారి గారికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు నమస్కరించి రాస్తున్నది. నేను లెక్కల మాస్టారిని కాను. అందుకే ఈ లెక్క నాలుగుసార్లు చేసి చూసుకున్నాకే రాస్తున్నాను.

2024 డిసెంబరు 31న పదవీ విరమణ చేశాను. ఆఖరి మూల వేతనం 83,000 రూపాయలు. సర్వీసు 33 ఏళ్లు నిండింది కాబట్టి పింఛను అందులో సగం, 41,500. దీని మీద 33.67 శాతం కరువు భృతి 13,973. జనవరి, ఫిబ్రవరి నెలలకు ఈ రెండూ కలిపి 55,473 సక్రమంగానే జమ అయ్యాయి.

ఫిబ్రవరి ఆఖరున కమ్యుటేషన్ సొమ్ము వచ్చింది. నలభై శాతం పింఛను అమ్ముకున్నాను కనుక మార్చి నుంచి నెలకు 16,600 తగ్గాలి. అంటే 38,873 రావాలి. వచ్చింది 33,284. తగ్గింది 22,189!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లో ఆవిడ 'అమ్ముకున్నది మీరే కదా, తగ్గదా మరి' అంది. నిజమే అనుకుని రెండు నెలలు ఊరుకున్నాను కూడా. తర్వాత రెండు స్లిప్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి బయటపడింది. పింఛను గడిలో 24,900 ఉంది, అది సరే. కరువు భృతి గడిలో మాత్రం 8,384 ఉంది. 24,900ని 33.67 శాతంతో గుణిస్తే సరిగ్గా అదే అంకె వస్తుంది.

తప్పు అక్కడే ఉంది సార్. కమ్యుటేషన్‌లో అమ్ముకునేది పింఛనులో భాగమే, కరువు భృతి కాదు. భృతిని కోతకు ముందున్న పూర్తి పింఛను మీదే కట్టాలి. నాకు మాత్రం మిగిలిన పింఛను మీద కట్టారు. 13,973లోంచి 8,384 తీసేస్తే 5,589. నెలనెలా నేను పోగొట్టుకుంటున్నది ఇదీ. భృతి శాతం పెరిగినప్పుడల్లా ఈ తేడా కూడా పెరుగుతుంది.

కౌంటర్ దగ్గర అడిగితే 'కంప్యూటర్ వేసిన లెక్క మాస్టారూ, తప్పు పోదు' అన్నారు. కంప్యూటర్ గుణకారం తప్పు చేయలేదు. దానికి అందించిన అంకె తప్పు.

మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఏడు నెలలకు బకాయి 39,123 రూపాయలు. భృతిని 41,500 మీద కట్టేలా సరిచేసి, ఈ మొత్తానికి సప్లిమెంటరీ బిల్లు పెట్టించండి. నాతోపాటు అదే నెలలో కమ్యుటేషన్ అందుకున్నవాళ్ల స్లిప్పులు కూడా ఒకసారి తిప్పి చూడమని మనవి. వాళ్లలో కొందరికి కళ్లు సరిగా ఆనవు, స్లిప్పు తీయించుకునే ఓపికా లేదు.

ఫిబ్రవరి, మార్చి స్లిప్పుల నకళ్లు దరఖాస్తుకు జతపరిచాను. తేడా ఉన్న గడి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను, పాత అలవాటు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు
గుంటూరు, అక్టోబరు 2025